అద్దె ఇంటి గోడకు సొంతింటి పెయింట్ ఎందుకు?

"అద్దె ఫ్లాట్‌కి రంగులు వేయించుకుందామనుకుంటున్నాం, ఏ కంపెనీది మంచిది?" అని ఎవరైనా అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను. ఆ ఇంట్లో ఎన్నాళ్లు ఉంటారో, ఖాళీ చేసేటప్పుడు గోడలు ఎలా అప్పగించాలో ముందు అడుగుతాను. పెయింట్ కంపెనీలు తమ ఖరీదైన రకాలను సొంతింటివాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తాయి. అవి ఏళ్ల తరబడి నిలవాలి, మెరవాలి, ఎన్నిసార్లు తుడిచినా చెక్కుచెదరకూడదు. అద్దెకున్నవాళ్ల అవసరాలు వేరు. పాత రంగు రెండు కోట్లలో, అంటే రెండు పూతల్లో, కనబడకుండా పోవాలి. మేకు పీకిన చోట చిన్న బ్రష్‌తో పూస్తే మచ్చ తేలకూడదు. రంగు వేసిన గదిలో వీలైనంత తొందరగా పడుకోగలగాలి. ఈ అవసరాలు తీర్చేది మెరిసే ఖరీదైన పెయింట్ కాదు, మంచి రకం మ్యాట్ పెయింట్ అని నా నమ్మకం. అది ఏ కంపెనీదైనా కావచ్చు.

కంపెనీ పేరును పక్కన పెట్టడానికి కారణం ఉంది. ఏ పెద్ద కంపెనీ అయినా ఒకే పేరు కింద మెట్లు మెట్లుగా రకాలు అమ్ముతుంది. ఏషియన్ పెయింట్స్‌లో ట్రాక్టర్ ఎమల్షన్, యాప్‌కొలైట్, రాయల్ అని మెట్లున్నాయి. బర్జర్‌లో కింద బైసన్, పైన సిల్క్. నెరోలాక్‌లో కింద బ్యూటీ, పైన ఇంప్రెషన్స్. డ్యూలక్స్‌లో కింద ప్రామిస్, పైన వెల్వెట్ టచ్. ఒకే కంపెనీలో కింది మెట్టుకీ పై మెట్టుకీ ఉన్న తేడా, రెండు కంపెనీల ఒకే మెట్టు రకాల మధ్య తేడా కంటే పెద్దది. "ఫలానా కంపెనీది వేయించాం, ఏడాదికే పాడైంది" అనే మాటలో సగం సమాచారమే ఉంటుంది, ఏ మెట్టుదో చెప్పలేదు కాబట్టి. పోల్చాలంటే ఒకే మెట్టు డబ్బాలను పక్కపక్కన పెట్టి, వాటి టెక్నికల్ డేటా షీట్లు తెరవాలి. చాలా కంపెనీలు వీటిని తమ సైట్లలోనే ఉంచుతాయి. డబ్బా మీది పెద్ద అక్షరాల కంటే ఆ రెండు పేజీల కాగితంలో ఎక్కువ నిజం ఉంటుంది.

ముందు ఫినిష్ సంగతి. మ్యాట్, షీన్, సాటిన్, గ్లాస్ అనే మాటలు ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది. ఒకరి సాటిన్ ఇంకొకరి షీన్ కావచ్చు. అందుకే పేరు చూడకుండా డేటా షీట్‌లో మెరుపు ఎంతో చెప్పే గ్లాస్ విలువ చూడాలి. దాన్ని 60 డిగ్రీల కోణంలోనో 85 డిగ్రీల కోణంలోనో కొలుస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 13300 ప్రకారం 85 డిగ్రీల దగ్గర విలువ 10 కంటే తక్కువ ఉంటే మ్యాట్, 5 కంటే తక్కువ ఉంటే పూర్తి మ్యాట్.

ఈ మెరుపు అద్దె ఇంట్లో ఎందుకు ఇబ్బంది పెడుతుందంటే, అది గోడ లోపాలను దాచదు. చాలా అద్దె గోడల మీద పాత మేకుల గుంతలు, పుట్టీ అతుకులు, ఎవరో ఎప్పుడో వేసిన రోలర్ చారలు ఉంటాయి. కిటికీ పక్క గోడ మీద వెలుతురు ఏటవాలుగా పడుతుంది. మెరిసే పూత ఆ వెలుతురును ఒకే దిక్కుకు తిప్పి కొడుతుంది కాబట్టి ప్రతి ఎగుడుదిగుడూ పైకి తేలుతుంది. మ్యాట్ పూత వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. అందువల్ల అదే గోడ చదునుగా కనబడుతుంది.

మరమ్మతు విషయానికొస్తే తేడా ఇంకా ఎక్కువ. షీన్ ఉన్న గోడ మీద ఏడాది తర్వాత అదే డబ్బాలోని రంగుతో చిన్న మచ్చ సరిచేసినా, పక్కనుంచి చూస్తే అక్కడ మెరుపు వేరుగా కనిపిస్తుంది. చివరికి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మొత్తం గోడ మళ్లీ వేయాల్సి వస్తుంది. మ్యాట్‌లో చిన్న రోలర్‌తో అంచులు పలచగా లాగితే చాలావరకు కలిసిపోతుంది. ఖాళీ చేసే నెలలో, డిపాజిట్ గురించి టెన్షన్ పడే సమయంలో, ఈ ఒక్క గుణం ఎంత పనికొస్తుందో అద్దెకున్నవాళ్లకే తెలుస్తుంది.

మ్యాట్ మీద ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది. చేతి మరకలు తుడిస్తే రంగు ఊడొస్తుంది, లేదా రుద్దిన చోట మాత్రమే నున్నగా మెరుస్తుంది. చవక మ్యాట్ విషయంలో ఇది నిజమే. కానీ మ్యాట్ అంటే అంతా ఒకటి కాదు. తడిగా రుద్దితే ఎంత పూత అరిగిపోతుందో కొలిచే పరీక్ష ఒకటుంది, ఐఎస్ఓ 11998. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 200 సార్లు రుద్దాక 5 మైక్రాన్ల కంటే తక్కువ అరిగితే ఒకటో తరగతి, 5 నుంచి 20 లోపు అయితే రెండో తరగతి. ఒకటో రెండో తరగతి వచ్చిన మ్యాట్ రకాలు మార్కెట్లో ఉన్నాయి, అద్దె ఇంటికి నేను చెప్పేది వాటి గురించే. వంటగదికీ స్నానాల గది బయటి గోడకీ మాత్రం కొంచెం షీన్ ఉన్నది వేయించుకోండి. అక్కడ తుడవడం తప్పదు.

ఇక కవరేజ్. అందరూ ఎక్కువగా మోసపోయే అంకె ఇదే. ఒక డబ్బా మీద లీటరుకు 260 చదరపు అడుగులు, ఇంకో దాని మీద 130 అని ఉంటుంది. మొదటిది రెట్టింపు వస్తుందనిపిస్తుంది. చిన్న అక్షరాలు చదివితే మొదటిది ఒక కోటుకి చెప్పిన లెక్క, రెండోది రెండు కోట్లకి చెప్పిన లెక్క. అంటే రెండూ ఒకటే. పోల్చే ముందు రెండింటినీ ఒక కోటు లెక్కలోకి మార్చుకోవాలి.

అలా మార్చాక కూడా ఇంకో చిక్కు మిగులుతుంది. ఒక లీటరు ఎక్కువ గోడకు వస్తోందంటే పూత పలచబడుతోందని కూడా అర్థం. లీటరు పెయింట్‌ను 10.76 చదరపు అడుగుల మీద, అంటే ఒక చదరపు మీటరు మీద పోస్తే, తడి పూత మందం సరిగ్గా 1000 మైక్రాన్లు ఉంటుంది. కాబట్టి 10,760ని కంపెనీ చెప్పిన చదరపు అడుగులతో భాగిస్తే తడి పూత మందం మైక్రాన్లలో వస్తుంది. దాంట్లో నీళ్లు ఆరిపోగా గోడ మీద మిగిలేది ఎంతో డేటా షీట్‌లో వాల్యూమ్ సాలిడ్స్ అనే శాతం చెబుతుంది.

ఒక గదికి ఈ లెక్క వేసి చూద్దాం. గది పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. నాలుగు గోడలూ కలిపి 396 చదరపు అడుగులు. తలుపు 21, కిటికీ 20 తీసేస్తే 355. సీలింగ్‌ను వదిలేద్దాం. మొదటి డబ్బా ఒక కోటుకి లీటరు 140 చదరపు అడుగులు వస్తుందంటోంది, వాల్యూమ్ సాలిడ్స్ 26 శాతం. రెండో డబ్బా 120 అంటోంది, వాల్యూమ్ సాలిడ్స్ 38 శాతం. మొదటిది తడిగా 77 మైక్రాన్లు, ఆరాక 20. రెండోది తడిగా 90, ఆరాక 34. చూడగానే మొదటిదే లాభంగా అనిపించింది కానీ, ఒక్కో కోటుకి అది గోడ మీద మిగిల్చే పూత రెండోదాంట్లో మూడింట రెండు వంతుల కంటే తక్కువ.

పాత గోడ ముదురు రంగుదైతే మొదటి రకానికి మూడో కోటు పడే అవకాశం ఎక్కువ. మూడు కోట్లకు 1065ని 140తో భాగిస్తే 7.6 లీటర్లు. రెండో రకం రెండు కోట్లకు 710ని 120తో భాగిస్తే 5.9 లీటర్లు. అంటే రెండో రకం లీటరు ధర నాలుగో వంతు ఎక్కువున్నా మొత్తం ఖర్చు దాదాపు సమానమే. మూడో కోటు కూలీ, ఇంకో పూట సామాన్లు కప్పి ఉంచుకోవడం అదనంగా మిగులుతాయి. ఇక్కడొక హెచ్చరిక కూడా చెప్పాలి. చవక రకాల్లో చాక్ పొడి లాంటి ఫిల్లర్ ఎక్కువ వేసి కూడా సాలిడ్స్ శాతం పెంచొచ్చు. అందుకే ఈ అంకెను ఒంటరిగా నమ్మకుండా, పైన చెప్పిన రుద్దుడు తరగతితో కలిపి చూడాలి.

పాత రంగును కప్పేసే పని ప్రధానంగా చేసేది టైటానియం డయాక్సైడ్. వెలుతురును వంచే శక్తి దానికి దాదాపు 2.7 ఉంటే, ఫిల్లర్‌గా వాడే కాల్షియం కార్బొనేట్‌కి 1.6, వాటిని పట్టి ఉంచే బైండర్‌కి 1.5 దగ్గర. ఫిల్లర్‌కీ బైండర్‌కీ పెద్ద తేడా లేదు కాబట్టి, బైండర్‌లో మునిగిన ఫిల్లర్ దాదాపు కనబడదు. మరి ఫిల్లర్ ఎక్కువున్న చవక రంగు కూడా ఆరాక గోడను కప్పేస్తుంది కదా అంటే, దానికి బైండర్ చాలక లోపల గాలి గదులు మిగిలిపోతాయి. ఆ గాలి వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపించేలా చేస్తుంది. పూత నిండా రంధ్రాలుండడం వల్ల మరక లోపలికి దిగుతుంది, రుద్దితే పొడిగా రాలుతుంది. కవరేజ్, మన్నిక ఒకే చోట ఎలా ముడిపడి ఉన్నాయో ఇక్కడ తెలుస్తుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు, ఎంచుకున్న రెండు రకాల చిన్న డబ్బాలు చాలు. తెల్ల కాగితం మీద నల్లటి పట్టీలు ప్రింట్ తీసి, పైన పారదర్శకమైన టేపు అంతా అంటించండి. ఇరవై సెంటీమీటర్ల చదరం గీసి, సూది లేని సిరంజితో సరిగ్గా 4 మిల్లీలీటర్ల రంగు దాని మీద పోసి, చిన్న ఫోమ్ రోలర్‌తో పరచండి. రోలర్ కొంత రంగు తాగేస్తుంది కాబట్టి ముందే అదే రంగులో ముంచి పిండి ఉంచుకోవాలి. ఇది 100 మైక్రాన్ల తడి పూత, లీటరుకు సుమారు 108 చదరపు అడుగులతో సమానం. రెండో రకానికీ ఇంతే. తడిగా ఉన్నప్పుడు తీర్పు చెప్పకండి, మర్నాడు చూడండి. ఏ కాగితం మీద నల్ల పట్టీ తక్కువ కనిపిస్తుందో అది బాగా కప్పుతున్నట్టు. తర్వాత తడి గుడ్డ కాసేపు ఆనించి ఉంచండి. పట్టీ మళ్లీ పైకి తేలిందంటే గాలి గదుల్లోకి నీళ్లు చేరాయి, ఆ కప్పుడు గాలిదే. తడిపినా పట్టీ కనబడకపోతే ఆ డబ్బాలో టైటానియం డయాక్సైడ్, బైండర్ సరిపడా ఉన్నాయి.

షేడ్ ఎంపిక కూడా కవరేజ్‌ను మార్చేస్తుంది. ముదురు షేడ్లను టైటానియం డయాక్సైడ్ తక్కువగా ఉన్న బేస్‌లో, అంటే షేడ్ కలపకముందటి పెయింట్‌లో, కలుపుతారు. నిండు పసుపు, ఎరుపు రంగులకు కప్పే గుణం సహజంగానే తక్కువ. డేటా షీట్‌లో కవరేజ్ అంకె ఎక్కువగా తెలుపు బేస్‌దే ఉంటుంది. అద్దె ఇంట్లో నిండు రంగు అంటే వేసేటప్పుడు అదనపు కోట్లు, ఖాళీ చేసేటప్పుడు దాన్ని మళ్లీ కప్పడానికి ఇంకొన్ని కోట్లు. ఆఫ్ వైట్‌కి దగ్గరగా ఉండే షేడ్‌నే నేను సమర్థిస్తాను.

ఏ అంకె అయినా చెప్పేది నున్నటి, సిద్ధం చేసిన గోడ గురించి. అద్దె ఫ్లాట్లో కింద ఏముందో తెలియదు. అరచేత్తో గోడ రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటే అది డిస్టెంపరో సున్నమో అయ్యుంటుంది. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది, ఎంత ఖరీదైన కంపెనీదైనా సరే. గోకి, దులిపి, గోడను గట్టిపరిచే ప్రైమర్ వేయాలి. టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగి చూడండి, పాత పూత టేపుతో పాటు వస్తే కొత్తది కూడా అలాగే వస్తుంది. రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూది రుద్దితే రంగు మెత్తబడి దూదికి అంటితే కింద నీళ్ల పెయింట్ ఉన్నట్టు. ఏమాత్రం కదలకపోతే ఎనామెల్ కావచ్చు. అప్పుడు ఎమరీ పేపర్‌తో మెరుపు చంపి, పట్టు ఉండే ప్రైమర్ వేయకుండా ముందుకెళ్లకూడదు. ఈ పని ఖర్చు ఇంటి ఓనర్‌దా మీదా అన్నది రంగు ఎంచుకునే ముందే మాట్లాడి, మెసేజ్ రూపంలో పెట్టుకోండి.

చివరిగా వాసన. "లో ఓడర్", "లో వీఓసీ", "జీరో వీఓసీ" అని డబ్బాల మీద రాసేవి ఒకే మాట కాదు. వీఓసీ అంటే గాలిలోకి ఆవిరయ్యే సేంద్రియ పదార్థాలు. డబ్బాలో లీటరుకు ఎన్ని గ్రాములున్నాయో కొలిచి చెబుతారు. యూరప్‌లో 2004 నాటి చట్టం ప్రకారం గదుల గోడలకు వేసే నీళ్ల మ్యాట్ పెయింట్‌కి 2010 నుంచి పరిమితి లీటరుకు 30 గ్రాములు. మన గదికి పట్టిన 5.9 లీటర్లకు లెక్కేస్తే ఆ పరిమితి దగ్గరున్న రకం 177 గ్రాములు గదిలోకి వదలొచ్చు. 5 గ్రాముల రకం సుమారు 30 గ్రాములతో సరిపెడుతుంది. ఈ తేడా నిజమైనది, దానికోసం కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టినా నేను తప్పు పట్టను.

కానీ ఈ అంకె ముక్కుకి సంబంధించింది కాదు. ఆ చట్టం ప్రకారం 250 డిగ్రీల సెల్సియస్‌లోపు మరిగేవాటినే వీఓసీగా లెక్కపెడతారు. ఎమల్షన్ రేణువులు ఒకదానికొకటి అతుక్కోవడానికి వేసే టెక్సనాల్ అనే ద్రవం 254 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గీతకు కాస్త అవతల ఉంది కాబట్టి లెక్కలోకి రాదు, అయినా నెమ్మదిగా వారాల తరబడి గోడలోంచి బయటికొస్తూనే ఉంటుంది. ముక్కు ఘాటెక్కించే అమ్మోనియా సేంద్రియ పదార్థమే కాదు, అది కూడా వీఓసీ కాదు. ఇక సువాసన కలిపి వాసనను కప్పేసిన రకం వాసనకు తక్కువే, లోపలున్నవి ఉన్నట్టే ఉంటాయి. డబ్బాలు పాడవకుండా కలిపే ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌లకు వాసన తెలియదు, కానీ వాటికి అలర్జీ ఉన్నవాళ్లకు తాజాగా రంగు వేసిన గదిలో చర్మం మంటెక్కొచ్చు. ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే డబ్బా మీద ఆ పేరు వెతకాలి.

కాబట్టి డబ్బాలో ఏముందన్న అంకె కంటే గోడ మీదికి వెళ్లాక ఏం బయటికొస్తోందన్న కొలతకు ఎక్కువ విలువ ఇవ్వాలి. గ్రీన్‌గార్డ్ గోల్డ్ లాంటి సర్టిఫికెట్లు, ఫ్రాన్స్‌లో వాడే ఏ ప్లస్ గుర్తు అలాంటివి. పూసిన ముక్కను మూసిన ఛాంబర్‌లో పెట్టి గాలిని కొలుస్తారు. రెండు డబ్బాల్లో ఒకదానికి ఇలాంటి గుర్తు ఉండి, రెండోదానికి "జీరో" అన్న మాట మాత్రమే ఉంటే నేను మొదటిదే తీసుకుంటాను. ఆ "జీరో" కూడా చాలాసార్లు బేస్‌కి చెప్పిందే. దుకాణంలో షేడ్ కోసం మెషిన్‌తో వేసే టింటర్లలో గ్లైకాల్ అనే ఆవిరయ్యే ద్రవం ఉంటే లెక్క మారుతుంది. లేత షేడ్‌కి టింటర్ తక్కువ పడుతుంది, ఇక్కడా లేత రంగుదే పైచేయి.

గోడలకు ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, అదే రోజు తలుపులకు నూనె ఎనామెల్ వేయిస్తే ఆ శ్రమంతా పోయినట్టే. పైన చెప్పిన యూరప్ చట్టంలోనే తలుపులు, చెక్క పనికి వేసే నూనె పెయింట్ల పరిమితి లీటరుకు 300 గ్రాములు, గోడ మ్యాట్‌కి పదింతలు. అద్దె ఇంట్లో తలుపులను కడిగి వదిలేయొచ్చు. తప్పదంటే నీళ్ల ఎనామెల్ వేయించాలి.

మంచం, పరుపు, కర్టెన్లు బయటికి తీశాకే రంగు వేయించండి. బట్ట, దూది ఆవిరిని పీల్చుకుని తర్వాత నెమ్మదిగా వదులుతాయి. గోడ ఆరినా పరుపు వాసనొస్తుంటుంది. ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి అటు నుంచి ఇటు వెళ్లేలా చూడండి. ఏసీ వేసి తలుపులు మూస్తే ఆ గాలే గదిలో తిరుగుతుంది తప్ప బయటికి పోదు. చేతికి అంటుకోకుండా ఆరడానికి గంట చాలు, రెండో కోటుకు మామూలుగా నాలుగు గంటలు ఆగమంటారు. కానీ పూత పూర్తిగా గట్టిపడేది రెండు నుంచి నాలుగు వారాల్లో. అప్పటిదాకా గోడను తడి గుడ్డతో తుడవకండి, బీరువాను గోడకు ఆనించకండి. నెల దాటి, కిటికీలు తెరిచే ఉంచినా ఒక మూల నుంచే వాసన వస్తుంటే పెయింట్‌ను అనుమానించే ముందు ఆ మూల తడిగా ఉందేమో చూడండి. గోడలో చెమ్మ ఉంటే కొత్త పూత దాన్ని దాచిపెడుతుంది, కొన్నాళ్లకు ఆ చోటే బుడగలు కడుతుంది. దాన్ని సరిచేయాల్సింది పైపు లీకేజీ దగ్గర, ఓనర్ ఖర్చుతో.